టాప్ లిస్ట్ కోసం అందరినీ సార్ట్ చేయాలా? మిన్-హీప్ పని తీరు, కటాఫ్ దగ్గర వచ్చే చిక్కు

స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే ఏ కమిటీకైనా చివర్లో ఒకటే పని మిగులుతుంది. వచ్చిన ఫారాల్లో ఎక్కువ మార్కులున్న 40 మందినో, 100 మందినో బయటికి తీయాలి. చాలాచోట్ల ఎక్సెల్‌లో మార్కుల కాలమ్‌ను పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేసి, పైనుంచి కావలసినన్ని వరుసలు కాపీ చేస్తారు. మూడు వందల ఫారాలుంటే ఇంతకంటే మంచి పద్ధతి వెతకాల్సిన పనే లేదు. అదే పని లక్షల ఫారాలపై చేయాల్సి వచ్చినప్పుడు, లేదా ఫారాలు ఆన్‌లైన్‌లో ఒక్కొక్కటిగా వస్తూనే ఉన్నప్పుడు, సాఫ్ట్‌వేర్ వాళ్లు వేరే దారి పడతారు. దాని పేరు k సైజు మిన్-హీప్. ఇక్కడ k అంటే మనకు ఎంతమంది కావాలో ఆ సంఖ్య.

క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలను తరచుగా అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి. జవాబు బట్టీ పట్టి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఈ పద్ధతిలో చిక్కు వేగం దగ్గర లేదు, కటాఫ్ గీత దగ్గర ఉంది. ఇద్దరు ముగ్గురు పిల్లలకు సరిగ్గా ఒకే మార్కులు వచ్చి, సీటు ఒక్కటే మిగిలితే, ఎవరికి ఇవ్వాలో ప్రోగ్రామ్ తనంతట తానే తేల్చేస్తుంది. ఎలా తేల్చిందో కమిటీకి తెలియదు, ఆ పిల్లల ఇంటివాళ్లకూ తెలియదు. పంచేది జకాత్ సొమ్మో, చందాలతో పోగైన అమానతో అయినప్పుడు దీన్ని చిన్న విషయం అని వదిలేయలేం.

చిన్నది పైన ఎందుకు?

ముందు హీప్ అంటే ఏమిటో చూద్దాం. కొన్ని అంకెలను చెట్టులా, మెట్లు మెట్లుగా పేర్చుకున్నాం అనుకోండి. పైన ఒకటి, దాని కింద రెండు, ఆ రెండింటి కింద నాలుగు. మిన్-హీప్‌లో ఒకే ఒక్క నియమం ఉంటుంది. ఏ అంకె అయినా తన కింద ఉన్న రెండింటి కంటే పెద్దది కాకూడదు. ఈ నియమం పాటిస్తే అన్నింటిలో చిన్నది ఎప్పుడూ పైనే ఉంటుంది. మిగతావి వరుసలో ఉండాలన్న షరతేమీ లేదు. పక్కపక్కన ఉన్న రెండింటిలో ఏది పెద్దదో హీప్ పట్టించుకోదు. ఆ పట్టించుకోకపోవడం వల్లే దానికి పని తగ్గుతుంది.

ఈ అమరికను జె. డబ్ల్యూ. జె. విలియమ్స్ 1964లో హీప్‌సార్ట్ అనే పద్ధతితో పాటు ప్రచురించారు. ఆయన చూపింది మొత్తం జాబితాను సార్ట్ చేసే దారి. ఇక్కడ మనం వాడేది అదే చెట్టును, కానీ కొంచెం పొదుపుగా.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే తడబడతారు. కావలసింది పెద్ద మార్కులు కదా, మరి పెద్దది పైన ఉండే మ్యాక్స్-హీప్ ఎందుకు వాడరు? దీనికి జవాబు పనిలోనే ఉంది. మన దగ్గర ఇప్పటికి ఎంపికైన 40 మంది ఉన్నారు. కొత్త ఫారం వచ్చింది. ఆ కొత్త పిల్లాడిని మొదటి ర్యాంకు వాడితో పోల్చి లాభం లేదు. ఆ 40 మందిలో అందరికంటే వెనకున్న వాడితో పోల్చాలి. వాడి కంటే ఎక్కువ వస్తే లోపలికి, లేకపోతే బయటికి. అంటే ప్రతిసారీ మనకు కావలసింది లోపలున్న వాళ్లలో అతి తక్కువ మార్కులు. మిన్-హీప్ దాన్నే ఎప్పుడూ పైన, చేతికి అందేలా ఉంచుతుంది.

భాష మారితే ఇక్కడ ఒక తేడా వస్తుంది. పైథాన్‌లోని `heapq`, జావాలోని `PriorityQueue` మామూలుగా చిన్నదాన్నే పైన ఉంచుతాయి. సీ ప్లస్ ప్లస్‌లోని `priority_queue` మాత్రం పెద్దదాన్ని పైన ఉంచుతుంది. ఒక భాషలో రాసింది ఇంకో భాషలోకి అలాగే దించితే, టాప్ 40కి బదులు తప్పు జాబితా బయటికి వస్తుంది. ఇది నయం, చూడగానే దొరికిపోతుంది.

పది ఫారాలు, నాలుగు సీట్లు

కాగితం మీద చేసి చూస్తే విషయం తేలికవుతుంది. ఇంటర్‌లో వెయ్యికి వచ్చిన మార్కులు, పది ఫారాలు, నాలుగు స్కాలర్‌షిప్‌లు అనుకుందాం. ఫారం నంబర్ల వరుసలో మార్కులు ఇవి: 812, 905, 768, 871, 840, 934, 871, 790, 912, 871.

మొదటి నలుగురు నేరుగా లోపలికి వెళ్తారు, ఎందుకంటే సీట్లు నాలుగు. కంప్యూటర్ చెట్టును ఒక వరుసగానే దాచుకుంటుంది. మొదటిది పైమెట్టు, రెండు మూడు దాని కిందివి, నాలుగోది రెండోదాని కిందిది. ఆ నలుగురూ చేరాక వరుస 768, 871, 812, 905 అవుతుంది. అందరికంటే తక్కువైన 768 పైన ఉంది.

ఐదో ఫారం 840. పైనున్న 768 కంటే ఎక్కువ కాబట్టి 768 బయటికి పోతుంది, ఆ చోట 840 కూర్చుంటుంది. కానీ దాని కింద 812 ఉంది, అది చిన్నది. రెండూ చోట్లు మార్చుకుంటాయి. ఇప్పుడు వరుస 812, 871, 840, 905.

ఆరో ఫారం 934. 812 పోయింది, 934 వచ్చింది. కింద ఉన్న 871, 840లలో చిన్నదైన 840 పైకి వెళ్లి 934 దిగుతుంది. వరుస 840, 871, 934, 905.

ఏడో ఫారం 871. 840 కంటే ఎక్కువే, కాబట్టి 840 బయటికి. పైకి వచ్చిన 871 కింద ఇంకో 871 ఉంది, అది నాలుగో ఫారానిది. సమానం కాబట్టి కదలాల్సిన అవసరం లేదు. వరుస 871, 871, 934, 905.

ఎనిమిదో ఫారం 790. పైనున్నది 871. ఒక్క పోలికతో పని అయిపోయింది, ఆ ఫారం పక్కకు పోయింది. ఈ పద్ధతికి వేగం ఇచ్చేది ఇలాంటి ఫారాలే. లక్షల్లో ఎక్కువ భాగం ఇలా ఒక్క పోలికతోనే వెళ్లిపోతాయి.

తొమ్మిదో ఫారం 912. పైనున్న ఏడో ఫారం 871 బయటికి, 912 లోపలికి. అది రెండు మెట్లు దిగుతుంది. ముందు నాలుగో ఫారం 871 పైకి, తర్వాత 905 పైకి వస్తాయి. వరుస 871, 905, 934, 912.

పదో ఫారం 871. పైన ఉన్నదీ 871. ఎక్కువ కాదు, సమానం. కాబట్టి బయటే.

లోపల మిగిలినవి 934, 912, 905, 871. అంకెలు చూస్తే తప్పేమీ లేదు. మొత్తం సార్ట్ చేసినా ఈ నాలుగు అంకెలే వస్తాయి. కానీ 871 వచ్చింది ముగ్గురికి. 4, 7, 10 నంబర్ల ఫారాల వాళ్లలో నాలుగో నంబరుకు స్కాలర్‌షిప్ దక్కింది. ఎందుకు దక్కింది అంటే చెప్పడానికి కారణం లేదు.

ఒక్క గుర్తు మారితే సీటు మారుతుంది

పైన చేసిందాన్ని ప్రోగ్రామ్‌గా రాస్తే పది వరుసలు కూడా ఉండదు.

```python
import heapq

def top_k(rows, k):
    h = []
    for row in rows:
        if len(h) < k:
            heapq.heappush(h, row)
        elif row > h[0]:
            heapq.heapreplace(h, row)
    return sorted(h, reverse=True)
```

`h[0]` అంటే పైమెట్టు మీద ఉన్నది. `heapreplace` అంటే దాన్ని తీసేసి కొత్తదాన్ని పెట్టి, చెట్టును సర్దడం. ఇందులో `row > h[0]` అన్న చోట `>=` అని రాశారనుకోండి. అప్పుడు పదో ఫారం సమానమైనా లోపలికి వస్తుంది, నాలుగో ఫారం బయటికి పోతుంది. రాసిన కుర్రాడికి అది ఒక గుర్తు తేడా. ఆ మార్పుతో అంకెల జాబితా మారదు, టెస్టులు అన్నీ పాస్ అవుతాయి, కానీ డబ్బు ఇంకో ఇంటికి వెళ్తుంది.

అంతటితో కూడా ఆగదు. చెట్టును సర్దే తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. కాగితం మీద మనం కొత్త అంకెను పైనుంచి కిందికి, ఆగాల్సిన చోటు వరకు దించాం. పైథాన్ `heapq` అలా చేయదు. ఖాళీని ముందు అడుగు దాకా దించి, అక్కడి నుంచి కొత్త అంకెను పైకి ఎక్కిస్తుంది. మొత్తం మీద పోలికలు తగ్గుతాయని ఈ ఏర్పాటు. దానివల్ల ఏడో ఫారం వచ్చినప్పుడు నాలుగో ఫారం పైమెట్టుకు వెళ్లి, ఏడోది దాని కింద కూర్చుంటుంది. తొమ్మిదో ఫారం రాగానే పైనున్న నాలుగోది పోతుంది. అంటే మార్కులను మాత్రమే పోల్చేలా రాస్తే, అదే `>` గుర్తుతో కాగితం మీద నాలుగో ఫారానికి దక్కిన సీటు పైథాన్‌లో ఏడో ఫారానికి దక్కుతుంది. రెండు లెక్కలూ సరైనవే.

ఇక మామూలుగా జరిగేది ఇంకొకటి. మార్కులతో పాటు ఫారం నంబర్ కూడా కావాలి కాబట్టి రెంటినీ జంటగా, `(871, 4)` అని, హీప్‌లో వేస్తారు. పైథాన్ జంటలను పోల్చేటప్పుడు మొదటి అంకె సమానమైతే రెండోదాన్ని చూస్తుంది. అప్పుడు 4, 7, 10లలో పెద్దదైన 10 గెలుస్తుంది. అందరికంటే చివర ఫారం ఇచ్చినవాళ్లకు సీటు. నంబర్‌కు బదులు పేరు వేస్తే అక్షరమాల తీర్పు చెబుతుంది. ఇంగ్లీషులో ‘ఏ’తో మొదలయ్యే ఆయిషా కంటే ‘జెడ్’తో మొదలయ్యే జీనత్ పెద్దది, కాబట్టి జీనత్ లోపల, ఆయిషా బయట.

పైథాన్‌లో ఈ పని కోసమే ఉన్న `heapq.nlargest` ఈ విషయంలో కాస్త మేలు. మొత్తం సార్ట్ చేసి పై k తీసుకుంటే ఏం వస్తుందో సరిగ్గా అదే ఇస్తుందని దాని హామీ. మార్కుల మీదే ఎంచమని చెబితే, సమానమైన వాళ్లలో ముందు వచ్చినవాళ్లు ఉంటారు. అంటే నాలుగో ఫారం. ముందు వచ్చినవారికే అన్నది కమిటీ ముందే ప్రకటించిన నియమమైతే ఇది సరిపోతుంది. ప్రకటించకపోతే ఇది కూడా ఎవరూ ఒప్పుకోని నియమమే.

సార్ట్‌లో కనబడేది, హీప్‌లో కనబడనిది

సమాన మార్కుల గొడవ సార్ట్ చేసినా ఉంటుంది. నాలుగో వరుస దగ్గర కోస్తే అక్కడా ఒకరే మిగులుతారు. కానీ తేడా ఏమిటంటే సార్ట్ చేసిన షీట్‌లో ఐదో వరుస, ఆరో వరుస కళ్లముందే ఉంటాయి. గీత గీసే మనిషి ‘అరే, కిందా 871 ఉందే’ అని గుర్తుపడతాడు. హీప్ మాత్రం వద్దనుకున్న ఫారాన్ని ఆ క్షణమే పారేస్తుంది. చివరికి చేతిలో ఉండేది నాలుగు పేర్లే. గీత కింద ఎవరున్నారన్న జాడే ఉండదు. తక్కువ జ్ఞాపకంతో పనిచేసే పద్ధతికి ఇది సహజంగా వచ్చే లోపం.

దీన్ని పట్టుకోవడానికి తేలికైన దారి ఒకటుంది. నాలుగు కావాలంటే ఐదింటి హీప్ నడపాలి. చివర్లో పైమెట్టు మీద ఉండేది ఐదో ర్యాంకు. దాని మార్కులు నాలుగో ర్యాంకు మార్కులతో సమానమైతే గీత మీద చిక్కు ఉన్నట్టు. మన ఉదాహరణలో ఐదోది కూడా 871, కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. అయితే ఎంతమంది సమానంగా ఉన్నారన్నది దీనితో తెలియదు. దానికి ఫారాలను రెండోసారి చదవాలి. మొదటిసారి కటాఫ్ 871 అని తేలింది కదా, రెండోసారి 871 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న అందరినీ రాసుకోవాలి. ఇక్కడ ఆరుగురు వస్తారు. ఆరుగురికీ ఇవ్వాలా, నాలుగో స్కాలర్‌షిప్‌ను ముగ్గురికి పంచాలా అన్నది మనుషులు కూర్చుని తేల్చాలి.

రెండో దారి, సమానమైతే ఏం చూడాలో ముందే రాసిపెట్టి దాన్నే ప్రోగ్రామ్‌కు ఇవ్వడం. ఇంటి ఆదాయం తక్కువైన వాళ్లకు ముందు అన్నది చాలామంది ఒప్పుకునే నియమం. ఏడాది ఆదాయం నాలుగో ఫారంలో 1,80,000, ఏడో ఫారంలో 96,000, పదో ఫారంలో 1,32,000 అనుకుందాం. అప్పుడు హీప్‌లో వేసే వరుస ఇలా ఉంటుంది.

```python
row = (marks, -income, -form_no)
```

ఆదాయం ముందు మైనస్ ఎందుకంటే హీప్ పెద్దదాన్ని ఉంచుకుంటుంది, మనకేమో తక్కువ ఆదాయం కావాలి. మైనస్ పెడితే −96,000 అన్నది −1,80,000 కంటే పెద్దది అవుతుంది. ఏడో ఫారం లోపల ఉంటుంది. ఆదాయం కూడా సమానమైతేనే ఫారం నంబర్ చూస్తుంది, అక్కడా మైనస్ ఉంది కాబట్టి ముందు వచ్చిన ఫారం నిలుస్తుంది. ఇప్పుడు `>` పెట్టినా `>=` పెట్టినా, చెట్టును ఎలా సర్దినా, ఫారాలు ఏ వరుసలో వచ్చినా జవాబు ఒక్కటే. సరిచూసుకోవడం కూడా సులువు. అవే ఫారాలను నాలుగైదు సార్లు కలగలిపి ప్రోగ్రామ్‌కు ఇవ్వండి. ప్రతిసారీ అవే పేర్లు రావాలి. ఒక్క పేరు మారినా నియమంలో ఎక్కడో ఖాళీ ఉంది.

వేగం ఎంత, ఎప్పుడు

ఇప్పుడు అసలు పోలిక. పది లక్షల ఫారాలు, వంద సీట్లు అనుకుందాం. మొత్తం సార్ట్ చేయాలంటే మామూలుగా `n log₂ n` చొప్పున పోలికలు పడతాయి. పది లక్షలకు అది సుమారు 2 కోట్లు.

హీప్ దారిలో ప్రతి ఫారానికి ఒక పోలిక తప్పదు, అంటే పది లక్షలు. దానిపైన లోపలికి వచ్చే ఫారాలకు మాత్రమే చెట్టు సర్దే పని. ఎన్ని ఫారాలు లోపలికి వస్తాయి? ఫారాలు ఏ వరుసా లేకుండా వస్తున్నాయంటే లెక్క తేలికే. వెయ్యో ఫారం లోపలికి రావాలంటే ఇప్పటిదాకా వచ్చిన వెయ్యిలో మొదటి వందలో అది ఉండాలి. ఆ అవకాశం పదికి ఒకటి. లక్షో ఫారానికి వెయ్యికి ఒకటి. చిట్టచివరి ఫారానికి పదివేలకు ఒకటి. ఈ అవకాశాలన్నీ కూడితే `k × ln(n/k)` వస్తుంది, ఇక్కడ సుమారు 921. పది లక్షల్లో సీటు మారేది దాదాపు తొమ్మిది వందల సార్లు మాత్రమే. వంద అంకెల చెట్టుకు ఆరు మెట్లు, మెట్టుకు రెండు పోలికలు, అంటే ఒక్కో మార్పుకు మహా అయితే పన్నెండు. అన్నీ కలిపినా పది లక్షల పైన పదకొండు పన్నెండు వేలు. 2 కోట్లతో పోలిస్తే ఇరవయ్యో వంతు.

కానీ ఫారాలు తక్కువ మార్కుల నుంచి ఎక్కువ మార్కులకు వరుసగా వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. ప్రతి కొత్త ఫారం ముందున్న వాళ్లందరి కంటే పైదే, కాబట్టి ప్రతిదీ లోపలికి వస్తుంది, ప్రతిసారీ చెట్టు సర్దాలి. పోలికలు కోటీ ముప్పై లక్షల దాకా పోతాయి. విచిత్రం ఏమిటంటే అదే ఫైల్‌ను పైథాన్ `sorted`కు ఇస్తే, అది ముందే వరుసలో ఉందని గుర్తుపట్టి పది లక్షల పోలికలతోనే ముగిస్తుంది. ఇక్కడ మొత్తం సార్ట్ చేయడమే గెలిచింది. కాలేజీల నుంచి వచ్చే ఫైళ్లు చాలాసార్లు ముందే మార్కుల వరుసలో ఉంటాయి కాబట్టి ఇది ఊహలో కేసు కాదు.

సార్ట్‌కే ఓటు వేయాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. అందరికీ ర్యాంకు ప్రకటించాలన్నా, వెయిటింగ్ లిస్ట్ ఎంత పొడుగు పోతుందో ముందు తెలియకపోయినా హీప్ పనికిరాదు, ఎందుకంటే అది పారేసిన ఫారాన్ని తిరిగి ఇవ్వలేదు. k పెద్దదైతే, అంటే పదివేలలో తొమ్మిదివేల మంది కావాలంటే, హీప్‌తో ఒరిగేదేమీ లేదు. పైథాన్ పత్రాలు కూడా `nlargest`ను k చిన్నగా ఉన్నప్పుడే వాడమని, ఒక్కటే కావాలంటే `max`, పెద్ద సంఖ్య కావాలంటే `sorted` మేలని చెబుతాయి. ఇక మూడు వందల ఫారాలకైతే రెండింటి మధ్య తేడా కంటికి కనబడేంత కూడా ఉండదు, అక్కడ ఎక్సెల్ సార్ట్ చాలు.

హీప్‌కు ఎదురులేని చోటు జ్ఞాపకం తక్కువైనప్పుడు. సార్ట్ చేయాలంటే పది లక్షల ఫారాలూ ఒకేసారి చేతిలో ఉండాలి. హీప్‌కు వంద ఉంటే చాలు, ఫైల్‌ను ఒక్కో వరుస చదువుతూ వదిలేస్తూ పోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫారాలు వస్తుండగానే ‘ఈ క్షణానికి టాప్ వంద’ అని అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. 1961లో టోనీ హోర్ ప్రచురించిన ఎంపిక పద్ధతి, ఇప్పుడు క్విక్‌సెలెక్ట్ అంటున్నది, మొత్తం సార్ట్ చేయకుండానే పై k వేరు చేస్తుంది, సగటున చాలా వేగం కూడా. కానీ దానికి అన్ని ఫారాలూ ముందే చేతిలో ఉండాలి.

డేటాబేస్ తనంతట తానే చేసే పని

ఫారాలు డేటాబేస్‌లో ఉంటే హీప్ రాయాల్సిన పని లేదు. పోస్ట్‌గ్రెస్‌లో `ORDER BY marks DESC LIMIT 4` అని అడిగితే, ఇండెక్స్ లేనప్పుడు అది లోపల ఇదే పద్ధతి వాడుతుంది. ప్రశ్న ముందు `EXPLAIN ANALYZE` పెడితే తెర మీద `Sort Method: top-N heapsort` అని కనబడుతుంది. `LIMIT` తీసేస్తే అక్కడే `quicksort` అనో, డేటా జ్ఞాపకంలో పట్టకపోతే `external merge` అనో వస్తుంది.

గీత దగ్గరి చిక్కు ఇక్కడా అంతే. మార్కుల మీద మాత్రమే వరుస అడిగితే, సమానమైన వాళ్లలో ఎవరు వస్తారన్నదానికి డేటాబేస్ హామీ ఇవ్వదు. నేడు నాలుగో ఫారం, రేపు ఏడో ఫారం రావచ్చు. 2020లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి `WITH TIES` అనే ఏర్పాటు ఉంది.

```sql
SELECT form_no, marks FROM forms
ORDER BY marks DESC NULLS LAST
FETCH FIRST 4 ROWS WITH TIES;
```

ఇది కటాఫ్‌తో సమానమైన అందరినీ ఇస్తుంది, మన ఉదాహరణలో ఆరు వరుసలు. మధ్యలో `NULLS LAST` ఎందుకంటే, మార్కుల గడి ఖాళీగా ఉన్న ఫారాలను పోస్ట్‌గ్రెస్ అన్నింటికంటే పెద్దవిగా లెక్కిస్తుంది. పెద్ద నుంచి చిన్నకు అడిగితే ఖాళీ ఫారాలే పైకి వచ్చి నాలుగు సీట్లూ ఆక్రమిస్తాయి.

ఇంకో రెండు తప్పులు జాబితా చూడగానే పట్టుకోవచ్చు. ఫైల్ నుంచి చదివిన మార్కులు అంకెలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటే, ‘1000’ అన్నది ‘934’ కంటే చిన్నది అవుతుంది, ఎందుకంటే పోలిక మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. వెయ్యికి వెయ్యి వచ్చిన పిల్ల జాబితాలో లేకపోతే అనుమానించాల్సింది ఇదే. రెండోది, హీప్ వరుసను అలాగే ర్యాంకుల పట్టికగా అచ్చేయడం. మన ఉదాహరణలో చివరి వరుస 871, 905, 934, 912. ఇందులో పైమెట్టు తప్ప మిగతా చోట్లకు అర్థం లేదు. అందుకే ప్రోగ్రామ్ చివర్లో ఆ నాలుగింటిని మాత్రం సార్ట్ చేశాం.

పని జిల్లాలవారీగా పంచుకున్నప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. తెలంగాణలోని 33 జిల్లాల నుంచి రాష్ట్రం మొత్తానికి టాప్ 100 తీయాలనుకుందాం. ఒక్కో జిల్లా తన టాప్ 100 పంపితే, 3,300 పేర్లలోంచి మళ్లీ అదే హీప్‌తో వంద తీయవచ్చు, జవాబు తప్పదు. 33 జిల్లాలు కదా, జిల్లాకు మూడు నాలుగు చాలులే అని తగ్గిస్తే తప్పుతుంది. ఒకే జిల్లాలో రాష్ట్రంలోని మొదటి వందలో ఇరవై మంది ఉండవచ్చు, వాళ్లలో పదహారు మంది పేర్లు జిల్లా దగ్గరే ఆగిపోతాయి. ప్రతి జిల్లా పూర్తి వందా పంపాలి, సమానమైతే ఏం చూడాలన్న నియమం కూడా 33 చోట్లా ఒకటే ఉండాలి. ఒక జిల్లా ఆదాయం చూసి, ఇంకో జిల్లా ఫారం నంబర్ చూసి గీత గీస్తే, జిల్లా దగ్గర ఆగిపోయిన పేరును రాష్ట్ర స్థాయి ప్రోగ్రామ్ ఎంత సరిగ్గా రాసినా వెనక్కి తేలేదు.